పెళ్లిచూపులయ్యాక నెలన్నర: ముందు ఎవరు పలకరిస్తున్నారో లెక్క చూసుకోవడం ఎలా

మా గుంటూరు, విజయవాడ వైపు పెళ్లిచూపులు అవగానే ఔనో కాదో చెప్పమనే పద్ధతి చాలా ఇళ్లలో పోయింది. కాఫీలు తాగి లేచేటప్పుడు ఎవరో ఒక మామయ్య "పిల్లల్ని నాలుగు రోజులు మాట్లాడుకోనివ్వండి" అంటారు, నంబర్లు ఇచ్చిపుచ్చుకుంటారు. ఆ నాలుగు రోజులు నెల అవుతుంది. మధ్యలో ఆషాఢమో భాద్రపదమో అడ్డొస్తే నెలన్నర. ఈలోగా తాంబూలాలకి ముహూర్తం చూడటం, ఫంక్షన్ హాలు వాకబు చేయడం ఎటూ ఆగవు. అందుకే అవతలి మనిషికి నిజంగా ఇష్టం ఉందో లేక ఇంట్లోవాళ్ల మాట కాదనలేక సరేనన్నారో ఈ నెలన్నరలోనే తెలియాలి.

నా విషయంలో అది తెలియలేదు. పదేళ్ల కిందటి మాట. ఆయన చాలా మర్యాదస్తుడు. మెసేజ్ పెడితే పది నిమిషాల్లో జవాబు, ఫోన్ చేస్తే రెండో రింగుకే ఎత్తేవాడు. మా అమ్మ "ఎంత మంచి పిల్లాడో, ఒక్కసారైనా కట్ చెయ్యడు" అని మురిసిపోయేది. ఏడు వారాలు గడిచాక, చీరలు కొనడానికి వన్‌టౌన్ వెళ్దామనుకునే ముందు రోజు, ఆయనే మా నాన్నకి ఫోన్ చేసి తనకి వేరే అమ్మాయి ఇష్టమని, ఇన్నాళ్లూ ఇంట్లో చెప్పలేకపోయానని చెప్పాడు. ఆ రాత్రి ఫోన్ ముందేసుకుని మొదటి నుంచీ చూశాను. ఏడు వారాల్లో ఆయనంతట ఆయన చేసిన ఫోన్ ఒక్కటి కూడా లేదు. అన్నీ నేను చేసినవే, ఆయన ఎత్తినవే. ఎత్తడాన్నే ఇష్టం అనుకున్నాను.

ఆ దెబ్బ తర్వాత మా పిన్ని కూతురికి సంబంధం వచ్చినప్పుడు ఇద్దరం కలిసి ఒక నోటుబుక్కు పెట్టాం. ఈ పద్ధతి అందులోంచి వచ్చిందే. అమ్మాయికైనా అబ్బాయికైనా ఇదే వరస.

1. ఏది పలకరింపు, ఏది కాదు

లెక్క మొదలుపెట్టే ముందే ఈ సంగతి తేల్చుకోవాలి, లేకపోతే ప్రతి మెసేజ్ దగ్గరా తగువే. మేం పెట్టుకున్న నియమం తేలిక. చివరి మాట తర్వాత ఎనిమిది గంటలు గానీ ఒక రాత్రి గానీ గడిచాక, ఎవరు ముందు నోరు విప్పితే పలకరింపు వాళ్లది. ఆ తర్వాత నడిచేదంతా ఒకటే సంభాషణ. అందులో ఎవరు ఎక్కువ మాట్లాడారు, ఎవరు ఎన్ని బొమ్మలు పెట్టారు అన్నది వదిలేయండి.

మిస్డ్ కాల్ కూడా పలకరింపే, చేసినవాళ్ల ఖాతాలో పడుతుంది. "మీటింగ్‌లో ఉన్నా, తొమ్మిదికి చేస్తా" అని చెప్పి తొమ్మిదికి చేస్తే అది కొత్త పలకరింపు కాదు, నిలబెట్టుకున్న మాట. దాన్ని పక్కన ఒక టిక్కుతో గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

లెక్కలోకి రానివి కొన్ని ఉన్నాయి. గులాబీ పువ్వు మీద శుభోదయం రాసి ఉన్న ఫార్వర్డు రాదు, అది అదే చేత్తో ముప్పై మందికి వెళ్లి ఉంటుంది. పండగ శుభాకాంక్షలు రావు. స్టేటస్ చూడటం అసలే రాదు. "నా స్టేటస్ అందరికంటే ముందు తనే చూశాడు" అని మా చెల్లెలు మొదటి వారం ఒక గీత గీసుకుంటే నేను రబ్బరుతో చెరిపాను. వేలు జారితే కూడా స్టేటస్ చూసినట్టే పడుతుంది.

2. నోటుబుక్కులో నాలుగు గడులు

తేదీ, ఎవరు పలకరించారు, పని మీదా ఊరికేనా, చివరికి ఏమైంది. ఈ నాలుగు చాలు. రోజూ రాత్రి పడుకునే ముందు ఒక్క నిమిషం రాసుకోండి. గుర్తున్నదాన్ని బట్టి రాస్తే మనసు మోసం చేస్తుంది. దిగులుగా ఉన్న రోజు అన్నీ మనమే చేసినట్టు, ఆనందంగా ఉన్న రోజు అన్నీ వాళ్లే చేసినట్టు అనిపిస్తుంది. ఇప్పటికే రెండు వారాలు గడిచిపోయి ఉంటే ఫోన్లో కాల్స్ జాబితా తెరవండి, బాణం గుర్తు ఎటు ఉందో చూస్తే చేసిందెవరో తెలుస్తుంది. వాట్సాప్ కాల్స్ మామూలు కాల్స్‌లో కలవకపోవచ్చు, అవి విడిగా చూడాలి. చాట్‌లో వెనక్కి వెళ్లాలంటే వెతికే చోట క్యాలెండర్ గుర్తు నొక్కి తేదీ ఎంచుకోవచ్చు, వేలు నొప్పి పుట్టేదాకా పైకి జరపక్కర్లేదు.

ఒక్క మాట. చూసుకోవాల్సింది మన ఫోనే. ఫోన్ కంపెనీలో పనిచేసే బాబాయి ఉన్నాడు కదా అని అవతలివాళ్ల కాల్ జాబితా తీయించడం తప్పు. ఆ ఆలోచన వచ్చిందంటే సంబంధం ఎక్కడ ఉందో అర్థమైనట్టే.

కనీసం నాలుగు వారాలు కావాలి. ఒక్క వారం చూసి తీర్పు చెప్పొద్దు, ఆ వారం జ్వరం వచ్చి ఉండొచ్చు.

మూడో గడి గురించి కాస్త చెప్పాలి. "నాన్నగారు జాతకం కాపీ అడుగుతున్నారు", "మీ అక్కగారి ఊరేంటి, అమ్మ కనుక్కోమంది" లాంటివి పని. "ఇవాళ లెనిన్ సెంటర్లో ఒక పాత పుస్తకం చూశా, మీరు గుర్తొచ్చారు" అన్నది ఊరికే. పని మీద ఎవరైనా ఫోన్ చేస్తారు, ప్లంబర్ కూడా చేస్తాడు. మనకి కావాల్సింది ఊరికే చేసిన ఫోన్లు. నెలంతా కలిపి పదిహేను పలకరింపులున్నా అన్నీ పని మీదే అయితే ఆయన కాబోయే మొగుడిలా కాదు, మధ్యవర్తిలా మాట్లాడుతున్నట్టు.

ఇంకో రకం ఉంది, దాన్ని విడిగా రాయండి. "ఎక్కడున్నావ్, పక్కన ఎవరు, ఇంత సేపు ఎందుకు ఎత్తలేదు" అని రోజుకి పదిసార్లు వచ్చే ఫోన్లు. లెక్క చూస్తే అన్నీ అవతలివాళ్లే చేసినట్టు ఉంటుంది, పైకి ఎంతో ప్రేమలా ఉంటుంది. అది ఇష్టం కిందకి రాదు, కాపలా కిందకి వస్తుంది. ఇవి ఎక్కువగా కనిపిస్తే ఈ నోటుబుక్కు మూసి ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడండి.

3. ఎవరైనా తోస్తే చేసిన ఫోన్లు

ఇది సంబంధాల్లోనే వచ్చే చిక్కు. ఆదివారం పది గంటలకి వాళ్లమ్మ "ఏరా, ఆ అమ్మాయికి ఫోన్ చేశావా?" అంటుంది, పదీ ఐదుకి మనకి ఫోన్ వస్తుంది. పైకి అది ఆయన పలకరింపే. నిజానికి అది వాళ్లమ్మగారిది.

దీన్ని పట్టుకోవడానికి ఒక దారి ఉంది. పెద్దవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకున్న రోజుల్ని నోటుబుక్కులో చిన్న చుక్కతో గుర్తుపెట్టండి. మధ్యవర్తి మీ నాన్నకి ఫోన్ చేసిన రోజు, వాళ్ల మేనత్త మీ అమ్మతో మాట్లాడిన రోజు. నెలాఖరుకి చూస్తే అవతలి మనిషి ఫోన్లన్నీ ఆ చుక్కల రోజునో మర్నాడో పడి, మిగతా రోజులు ఖాళీగా ఉంటే తోసేవాళ్లున్నారని అర్థం. చుక్క లేని మంగళవారం రాత్రి వచ్చిన ఒక్క ఫోన్ చుక్కల రోజుల్లో వచ్చిన నాలుగింటికన్నా విలువైంది.

దీనికి తలకిందులుగా, ఆడపిల్లల ఇళ్లలో "నువ్వు ముందు ఫోన్ చెయ్యకు, లోకువ అవుతావు" అని కట్టడి చేస్తారు. మా అమ్మమ్మ నాకూ చెప్పింది. అందువల్ల అబ్బాయిలు నోటుబుక్కు పెట్టుకుంటే అమ్మాయి వరస బాగా తక్కువ కనిపించొచ్చు, అది అయిష్టమని అనుకోవద్దు. హాల్లో నాన్న టీవీ చూస్తుండగా మాట్లాడటం ఎంత కష్టమో అబ్బాయిలకి తెలియదు. కాలేజీ మెట్ల మీద నిలబడి లంచ్ టైములో చేసిన నాలుగు నిమిషాల ఫోన్ ఒక అమ్మాయికి చాలా ఖరీదైనది. హాస్టల్లో ఉన్నా, రాత్రి షిఫ్టులో ఉన్నా, చిన్న ఇంట్లో నలుగురి మధ్య ఉన్నా ఇంతే. అంకెతో పాటు ఆ ఫోన్ చేయడానికి ఎంత ఇబ్బంది పడాలో చూడండి.

4. కుదరదన్నాక ఏం జరిగింది

నాలుగు గడుల్లో నేను ఎక్కువ నమ్మేది ఆఖరి గడినే. ఎవరు ముందు ఫోన్ చేశారన్నది మనిషి స్వభావాన్ని బట్టి కూడా ఉంటుంది. కొందరికి ఫోనంటేనే పడదు, సొంత అన్నకి కూడా ఆరు నెలలకోసారి చేస్తారు. కానీ కలుద్దామని మీరు ఒక రోజు చెప్పి, అది వాళ్లకి కుదరక, ఆ తర్వాత ఏం చేశారన్నది స్వభావానికి అంత లొంగదు. ఇష్టం ఉన్నవాళ్లకి ఒక రోజు పోతే ఇంకో రోజు కావాలి. దాన్ని వాళ్లే అడుగుతారు.

మన భాషలో కాదని చెప్పకుండా కాదనడానికి బోలెడు మాటలున్నాయి, అవి అందరికీ ముద్దుగానే వినిపిస్తాయి. "చూద్దాం" అంటే తొంభై పాళ్లు లేదనే. "చెప్తాను" అన్నవాళ్లు మూడు రోజుల్లో చెప్పకపోతే అదీ లేదనే. "ఎప్పుడైనా కలుద్దాం" అన్నప్పుడు ఆ ఎప్పుడైనా క్యాలెండర్లో ఉండదు. "నీ ఇష్టం" అన్నది కాస్త చిక్కు మాట. ఒక్కోసారి మొహమాటంతో అంటారు, ఒక్కోసారి పట్టింపు లేక అంటారు. తేడా తెలియాలంటే రెండు రోజులు ఎదురుగా పెట్టండి. "శనివారం సాయంత్రమా, ఆదివారం పొద్దునా?" అని అడిగితే మొహమాటస్తుడు ఏదో ఒకటి ఎంచుకుంటాడు. పట్టింపు లేనివాళ్లు మళ్లీ "మీ ఇష్టం" అంటారు.

నోటుబుక్కులో ఇలా రాయండి. నేను రోజు చెప్పాను, వాళ్లు ఒప్పుకుని వచ్చారు. నేను చెప్పాను, కుదరదన్నారు, వేరే రోజు వాళ్లే చెప్పారు. నేను చెప్పాను, కుదరదన్నారు, అంతే. ఈ మూడోది వరసగా మూడుసార్లు పడితే, మధ్యలో వాళ్లంతట వాళ్లు ఒక్కటీ అడగకపోతే, నాలుగోసారి అడగక్కర్లేదు. రెండుసార్లకే ఎందుకు ఆగకూడదంటే రెండు నిజంగానే కాకతాళీయం కావచ్చు. పెళ్లిళ్ల సీజన్లో ఎవరికైనా రెండు ఆదివారాలు వరసగా పోతాయి.

పాత నోటుబుక్కు అంటూ ఉంటే నా విషయంలో ఆ మూడో రకమే ఐదుసార్లు ఉండేది. ప్రతిసారీ కారణం సబబుగానే ఉండేది. కారణాల్ని తూచుకుంటూ కూర్చున్నాను గానీ, కారణం తర్వాత రావాల్సిన వాక్యం రాలేదని గమనించలేదు.

5. మా చెల్లెలి నోటుబుక్కు

పెళ్లిచూపులు 2024 ఆగస్టు 25, ఆదివారం. మా చెల్లెలిది గుంటూరు, ఇంజనీరింగ్ కాలేజీలో పాఠం చెబుతుంది. అబ్బాయిది విజయవాడ, పాయకాపురం వైపు ఇల్లు, గవర్నర్‌పేటలో ఒక ఆడిటర్ ఆఫీసులో సీఏ. భాద్రపదం వస్తోంది కాబట్టి ఏదైనా దసరాల్లోనే అనుకున్నారు పెద్దవాళ్లు. లెక్క అక్టోబర్ 6 దాకా, సరిగ్గా ఆరు వారాలు.

మొత్తం పలకరింపులు 31. చెల్లెలివి 21, ఆయనవి 10. ఈ అంకెలు చూసి చెల్లెలు కళ్ల నీళ్లు పెట్టుకుంది. "అక్కా, నీ కథే నాకూ" అంది.

అప్పుడు ఇద్దరం కూర్చుని తీసేయాల్సినవి తీసేశాం. సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం ప్రాంతాలు మునిగాయి. వాళ్ల కింది అంతస్తులోకి నీళ్లు వచ్చాయి, కరెంటు లేదు, ఫోన్ ఛార్జింగ్ లేదు. ఆ నాలుగు రోజుల్లో చెల్లెలు ఐదుసార్లు ప్రయత్నించింది, ఆయన ఒక్కసారి పక్కింటివాళ్ల ఫోన్ నుంచి "మేం బాగానే ఉన్నాం, కంగారు పడొద్దు" అని చెప్పాడు. వరదలో ఎవరు ఎవరికి ఎన్నిసార్లు చేశారన్నది ఇష్టానికి కొలత కాదు, ఆ ఆరూ కొట్టేశాం. జాతకాలు, చుట్టరికాలు లాంటి పని ఫోన్లు చెల్లెలివి నాలుగు, ఆయనవి రెండు. అవీ పోయాయి. మిగిలింది చెల్లెలివి 12, ఆయనవి 7. ఇప్పటికీ తనదే ఎక్కువ, అయినా మొదటి లెక్క అంత ఘోరంగా లేదు.

తర్వాత వాటిని కాలాన్ని బట్టి రెండు ముక్కలు చేశాం. ఆడిటర్లకి సెప్టెంబర్ అంటే పండగ కాదు, టాక్స్ ఆడిట్ రిపోర్టుల గడువు మామూలుగా 30వ తేదీ. అందుకని 30 దాకా ఒక ముక్క, ఆ తర్వాత ఒక ముక్క. 30 దాకా చెల్లెలివి 10, ఆయనవి 2. అక్టోబర్ 1 నుంచి 6 లోపు చెల్లెలివి 2, ఆయనవి 5. పని ఒత్తిడి తగ్గగానే వరస తిరగబడింది. నిజంగా పట్టించుకోని మనిషి అయితే గడువు పోయాక కూడా వరస మారదు, కొత్త గడువు ఒకటి పుట్టుకొస్తుంది. మీ విషయంలో ఆడిట్ బదులు మిర్చి యార్డు సీజనో, సెమిస్టర్ పరీక్షలో ఉండొచ్చు. ఏదైనా ఆ ఒత్తిడికి ముగింపు తేదీ ఉందా అని చూడండి. ముగింపు తేదీ చెప్పలేని బిజీని నమ్మొద్దు.

సెప్టెంబర్లో ఆయనవి రెండే కదా, ఆ రెండూ ఏంటో చూడండి. ఒకటి రాత్రి పదిన్నరకి పంపిన ఫోటో, ఆఫీసు కింద బండి మీద పునుగులు, పక్కన ఆకులో చట్నీ. "మీరు పెళ్లిచూపుల రోజు చెప్పిన అల్లం చట్నీ ఇలాగే ఉంటుందా?" అని. రెండోది చెల్లెలి కాలేజీలో తనిఖీ ఉన్న రోజు సాయంత్రం చేసిన ఫోన్, ఎలా జరిగిందని అడగడానికి. తనిఖీ ఉందని చెల్లెలు వారం ముందు మాటల్లో ఒక్కసారి అంది. రెండూ ఊరికే చేసినవి, రెండూ చుక్క లేని రోజులు, రెండింట్లోనూ తను అన్న మాట తిరిగి వచ్చింది.

ఇక నాలుగో గడి. సెప్టెంబర్ 15 ఆదివారం మంగళగిరిలో కలుద్దామని చెల్లెలు అడిగింది. ఆయన జవాబు మక్కీకి మక్కీ ఇది: "ఆదివారం కూడా ఆఫీసేనండి. బుధవారం 18న ఆరున్నరకి నేనే గుంటూరు వస్తా, కానీ గంటే ఉండగలను." వచ్చాడు. బ్రాడీపేటలో ఒక హోటల్లో కూర్చుని కాఫీ తాగి, గంటంపావు ఉండి, ఎనిమిదింటి బస్సుకి వెళ్లిపోయాడు. రానూపోనూ రెండు గంటల పైన ప్రయాణం, కూర్చున్నది గంట చిల్లర. 22న మళ్లీ అడిగితే "30 దాకా నన్ను వదిలేయండి, 1వ తేదీ సాయంత్రం నేనే చేస్తా" అన్నాడు. 1వ తేదీ సాయంత్రం ఏడూ పదికి ఫోన్ వచ్చింది. ఆ పక్కన టిక్కు కొట్టాం. 6వ తేదీకి లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్ల దగ్గర కలుద్దామన్నది ఆయన మాటే. దసరా రద్దీలో కొండ మీదకి వద్దు, అక్కడైతే మీకు ఇష్టం కదా అని.

కాబట్టి 21కి 10 అన్న అంకె అబద్ధం కాదు, కానీ అది చెప్పిన కథ తప్పు.

ఇదే లెక్క వేరేలా వచ్చి ఉంటే? 12కి 7 బదులు 17కి 2 ఉండి, ఆ రెండూ చుక్కల రోజునే పడి, అడిగిన మూడుసార్లూ "చూద్దాం" దగ్గరే ఆగి ఉంటే, ఆడిట్ ఎంత నిజమైనా నేను ఆగమని చెప్పేదాన్ని. అంకెలు సగంసగం రావాలని మాత్రం పట్టుపట్టొద్దు. ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ కాస్త ముందుంటారు, మా ఇంట్లో ఇప్పటికీ నేనే.

6. ఒక వారం తగ్గి చూడటం

నాలుగు వారాల తర్వాత కూడా తేలకపోతే ఒక చిన్న పరీక్ష ఉంది. ఏడు రోజులు మీరు ముందుగా పలకరించకండి. అవతల నుంచి వస్తే ఎప్పటిలాగే, అంతే నవ్వుతూ మాట్లాడండి. ముభావంగా ఉండటం, చూసి జవాబు ఇవ్వకపోవడం చేస్తే అది పరీక్ష కాదు, అలక. అలకకి వచ్చే స్పందన వేరు, దాని నుంచి ఏమీ తెలియదు.

ఈ వారాన్ని జాగ్రత్తగా ఎంచుకోవాలి. గడువులున్న వారం, ఇంట్లో ఎవరికో ఒంట్లో బాలేని వారం, పండగ వారం వద్దు. ఖాళీగా ఉన్న మామూలు వారం కావాలి. మూడు నాలుగు రోజులకి వాళ్లే "ఏంటి, కనపడట్లేదు?" అన్నారంటే ఆ ఖాళీ వాళ్లకి తెలిసింది. ఏడు రోజులూ నిశ్శబ్దంగా గడిచి, ఎనిమిదో రోజు మీరు చేస్తే ఏమీ జరగనట్టు ఉత్సాహంగా మాట్లాడితే అప్పుడు ఆలోచించాలి. నా సంబంధంలో అదే జరిగింది. నాకు జ్వరం వచ్చి తొమ్మిది రోజులు మాట్లాడలేదు. పదో రోజు నేను చేస్తే "ఆఁ, చెప్పండి" అన్నాడు, ఎంతో ఆప్యాయంగా. తొమ్మిది రోజుల సంగతి ఎత్తనే లేదు.

ఈ పరీక్షకి ఒక లోపం ఉంది. ఇద్దరూ ఒకేసారి ఆగిపోవచ్చు. ఇటు అమ్మమ్మ లోకువ అవుతావంటే, అటు స్నేహితుడు ఎగబడకురా అని చెప్పి ఉంటాడు. పైగా కొత్తగా పరిచయమైనవాళ్లు అవతలివాళ్లకి తాము ఎంత నచ్చామో తక్కువగా అంచనా వేసుకుంటారని 2018లో అమెరికా, బ్రిటన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు కొందరు పరిశీలించి చెప్పారు. మాట్లాడి లేచాక ఇద్దరూ "నేను అంతగా నచ్చలేదేమో" అనుకుంటారట, నిజానికి అంతకన్నా ఎక్కువే నచ్చి ఉంటారు. అందుకని ఈ పరీక్ష ఒక్కసారే, ఒక్క వారమే. రెండోసారి చేస్తే పంతం అవుతుంది, ఆ పంతంలో మంచి సంబంధాలు కూడా పోతాయి.

7. అడిగేయడం

పరీక్ష తర్వాత నేరుగా అడగండి. లెక్కలు చదవొద్దు. "నేను పన్నెండు, మీరు ఏడు" అంటే ఎంత మంచివాడైనా బెదిరిపోతాడు, నోటుబుక్కు ఉన్న సంగతే చెప్పక్కర్లేదు. మెసేజ్‌లో వద్దు, ఎదురుగానో ఫోన్లోనో, పక్కన ఎవరూ లేనప్పుడు. మా చెల్లెలు 6న పుస్తకాల కొట్ల మధ్య నడుస్తూ అడిగిన మాటలు ఇవి:

"ఈ నెలంతా ఎక్కువగా నేనే ఫోన్ చేశానండి. మీకు పనెక్కువని తెలుసు. అయినా అడుగుతున్నా, మీకు ఇష్టమయ్యే మాట్లాడుతున్నారా, ఇంట్లోవాళ్ల కోసమా? ఏదైనా చెప్పండి, నేనేం అనుకోను. నేనే మా నాన్నతో చెప్తాను."

చివరి వాక్యం ముఖ్యం. ఇష్టం లేనివాళ్లు చాలామంది కాదనలేకపోయేది అమ్మాయితో కాదు, తమ ఇంట్లోవాళ్లతో. కాదనే బరువు మీరు మోస్తానంటే నిజం బయటికి వస్తుంది. నాకు అప్పట్లో ఈ వాక్యం తట్టి ఉంటే ఏడు వారాలు రెండు వారాలయ్యేవి, ఆయన కూడా హాయిగా ఊపిరి పీల్చుకునేవాడు.

జవాబు మాటల్లో వెంటనే రాకపోవచ్చు. కొందరు సిగ్గుతో నవ్వేసి ఊరుకుంటారు. అప్పుడు ఆ తర్వాతి రెండు వారాలు చూడండి. అడిగిన మర్నాడు రెండు ఫోన్లు, ఆ వారమంతా రోజుకొకటి వచ్చి, రెండో వారానికి మళ్లీ సున్నా అయితే అది మీరు అడిగినందుకు చేసిన సర్దుబాటు. రోజుకొకటి రాకపోయినా, వారానికి రెండో మూడో చొప్పున ఆగకుండా సాగితే అది వాళ్ల సహజమైన వరస. ఆ వరసతో మీరు బతకగలరా అన్నది వేరే ప్రశ్న. ఫోన్ తక్కువ చేసే మనిషి పెళ్లయ్యాక ఎక్కువ చేస్తాడని ఎవరూ హామీ ఇవ్వలేరు.

పెద్దవాళ్లకి చెప్పేటప్పుడు ఈ పురాణమంతా వద్దు. కాదనుకుంటే "ఆయనకి నా మీద ఆసక్తి లేదు నాన్నా, అడిగి తెలుసుకున్నాను" అన్న ఒక్క మాట చాలు. "ఫోన్ చెయ్యట్లేదు" అని మాత్రం అనకండి. వెంటనే మధ్యవర్తికి కబురు వెళ్తుంది, మధ్యవర్తి వాళ్లమ్మకి చెబుతాడు, మర్నాటి నుంచి మీకు పూటకొక ఫోన్ వస్తుంది. అప్పుడిక నోటుబుక్కు దేనికీ పనికిరాదు.

మా చెల్లెలు అడిగినప్పుడు ఆయన చేతిలోని పుస్తకం మూసి, కాసేపాగి, "ఇంట్లోవాళ్ల కోసమైతే ఆ బుధవారం వచ్చేవాణ్ని కాదండి, వాళ్లకి ఇప్పటికీ తెలియదు" అన్నాడట.